ద్రవ్యరాశి లోపం: ఆస్టన్ కొలత నుంచి మైట్నర్ లెక్క వరకు

కేంద్రక శక్తి గురించి మొదటిసారి చదివే విద్యార్థికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. తేలిక కేంద్రకాలు కలిసి పెద్ద కేంద్రకంగా మారితే శక్తి వెలువడుతుందని ఒక పేజీలో ఉంటుంది. దానిని సంలీనం అంటారు. బరువైన కేంద్రకం రెండుగా చీలితే శక్తి వెలువడుతుందని మరో పేజీలో ఉంటుంది. దానిని విచ్ఛిత్తి అంటారు. కలిసినా శక్తే, విడిపోయినా శక్తే అయితే, చీల్చిన ముక్కలను మళ్ళీ కలిపి, కలిపిన వాటిని మళ్ళీ చీల్చి అంతులేని శక్తిని పొందవచ్చు కదా? అలా సాధ్యం కాదని మనకు తెలుసు. మరి చిక్కు ఎక్కడ ఉంది?

ఈ చిక్కు విడిపోవడానికి 1919 నుంచి 1939 వరకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళ కథ అంతా ఒక చిన్న కొలత చుట్టూ తిరుగుతుంది. ఈ పాఠ్యభాగంలో ఆ కొలతను, దాని నుంచి పుట్టిన గీతను, ఆ గీతతో వేసిన మూడు లెక్కలను వరుసగా పరిశీలిద్దాం. లెక్కలన్నీ కూడిక, తీసివేత, గుణకారం వరకే ఉంటాయి. పక్కన కాగితం పెట్టుకొని చదవండి.

0.008 అనే తేడా

లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ 1815లో ఒక ఊహ చేశారు. మూలకాల పరమాణు భారాలు చాలావరకు హైడ్రోజన్ భారానికి పూర్ణాంక గుణిజాలుగా కనిపిస్తున్నాయి కాబట్టి, అన్ని మూలకాలూ హైడ్రోజన్‌తోనే తయారై ఉండవచ్చని ఆయన భావించారు. ఊహ అందంగానే ఉంది కాని క్లోరిన్ దానికి అడ్డుపడింది. క్లోరిన్ పరమాణు భారం 35.5. సగం హైడ్రోజన్ పరమాణువు ఎక్కడి నుంచి వస్తుంది? కొలతలు మెరుగయ్యేకొద్దీ ఆ అర సంఖ్య చెరిగిపోలేదు, ఇంకా స్థిరపడింది. దాంతో రసాయన శాస్త్రజ్ఞులు ప్రౌట్ ఊహను పక్కన పెట్టారు.

సుమారు వందేళ్ళ తరువాత, కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ ఆస్టన్ ఈ ప్రశ్నను మళ్ళీ తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన జె.జె. థామ్సన్ వద్ద నియాన్ వాయువుపై పనిచేశారు. యుద్ధం ముగిశాక 1919లో ద్రవ్యరాశి స్పెక్ట్రోగ్రాఫ్ అనే పరికరాన్ని నిర్మించారు. దాని సూత్రం సులభమైనది. ఒక మూలకపు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను తొలగిస్తే అవి ధనావేశం గల అయాన్లవుతాయి. ఆ అయాన్ల సన్నని పుంజాన్ని విద్యుత్ క్షేత్రం గుండా, తరువాత అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అది వంగుతుంది. తేలిక అయాన్లు ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగి, ఫొటోగ్రాఫిక్ ప్లేటుపై వేర్వేరు చోట్ల గీతలుగా పడతాయి. గీత పడిన చోటును బట్టి ఆ అయాన్ ద్రవ్యరాశి తెలుస్తుంది. అంతకు ముందు రసాయన పద్ధతులు కోటానుకోట్ల పరమాణువుల సగటును మాత్రమే చెప్పగలిగేవి. ఈ పరికరం ఒక్కో రకం పరమాణువును విడివిడిగా తూచింది.

ఫలితం స్పష్టంగా వచ్చింది. క్లోరిన్ ప్లేటుపై 35.5 దగ్గర గీతే లేదు. 35 దగ్గర ఒకటి, 37 దగ్గర ఒకటి ఉన్నాయి. 35.5 అనేది ఆ రెండు ఐసోటోపుల మిశ్రమపు సగటు మాత్రమే. నియాన్ కూడా 20, 22గా విడిపోయింది. ఆక్సిజన్‌ను సరిగ్గా 16గా తీసుకుంటే, కొలిచిన ప్రతి ఐసోటోపు ద్రవ్యరాశీ పూర్ణాంకానికి అతి దగ్గరగా వచ్చింది. ప్రౌట్ ఊహకు మళ్ళీ ప్రాణం వచ్చినట్లే అనిపించింది.

అయితే ఒక్క మూలకం లొంగలేదు. అది హైడ్రోజనే. దాని ద్రవ్యరాశి 1 కాదు, 1.008. మిగతా అన్నింటికీ ఇటుకగా ఉండవలసిన పరమాణువే నియమానికి లోబడలేదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది పరికరం చేసిన పొరపాటు కావచ్చు కదా? ఆస్టన్ మొదటి పరికరపు కచ్చితత్వం సుమారు వెయ్యిలో ఒక వంతు. హైడ్రోజన్ తేడా వెయ్యిలో ఎనిమిది వంతులు, అంటే పొరపాటుకు ఉన్న అవకాశం కంటే ఎనిమిది రెట్లు. పైగా రసాయన శాస్త్రజ్ఞులు పూర్తిగా వేరే పద్ధతిలో హైడ్రోజన్‌కు కనుగొన్న విలువ కూడా 1.008 మాత్రమే. క్లోరిన్ విషయంలో రసాయన విలువలోని భిన్నం ప్లేటుపై మాయమైంది. హైడ్రోజన్ విషయంలో భిన్నం అలాగే నిలిచింది. కాబట్టి ఇది ఐసోటోపుల మిశ్రమం కాదు, కొలత లోపమూ కాదు. నాలుగు హైడ్రోజన్లు విడిగా తూగితే 4.032. వాటితోనే తయారైందనుకున్న హీలియం తూగితే 4. మిగిలిన 0.032 ఏమైంది?

ఐన్‌స్టీన్ 1905లోనే సమాధానానికి దారి చూపారు. ద్రవ్యరాశి, శక్తి ఒకదానికొకటి తుల్యమని E = mc² చెబుతుంది. కణాలు దగ్గరగా చేరి గట్టిగా బంధింపబడినప్పుడు కొంత శక్తి బయటికి పోతుంది. పోయిన శక్తికి తగినంత ద్రవ్యరాశి కూడా తగ్గుతుంది. ఈ తగ్గుదలే ద్రవ్యరాశి లోపం. ఆనాటికి న్యూట్రాన్ తెలియదు. హీలియం కేంద్రకంలో నాలుగు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు కుక్కి ఉన్నాయని ఆస్టన్‌తో సహా అందరూ అనుకున్నారు. లోపలి చిత్రం తప్పు, తూకం మాత్రం ఒప్పు. అందుకే 1932లో న్యూట్రాన్ కనుగొన్న తరువాత కూడా ఆ తూకాలను పారవేయవలసిన అవసరం రాలేదు.

ఎడింగ్టన్ వేసిన లెక్క

ఆస్టన్ కొలతను అందరికంటే ముందుగా అందిపుచ్చుకున్నది ఒక ఖగోళ శాస్త్రవేత్త. 1920 ఆగస్టు 24న కార్డిఫ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో ఆర్థర్ ఎడింగ్టన్ నక్షత్రాల అంతర్నిర్మాణంపై ప్రసంగించారు. అప్పటికి సూర్యుని గురించి ఒక పాత తగాదా నడుస్తోంది. సూర్యుడు తన బరువుకు తాను కుంచించుకుపోతూ వేడిని ఇస్తున్నాడని కెల్విన్, హెల్మ్‌హోల్ట్జ్ చెప్పారు. ఆ లెక్కన సూర్యుని ఆయుష్షు కొన్ని కోట్ల సంవత్సరాలకు మించదు. కాని భూమిపై రాళ్ళ వయస్సు అంతకంటే చాలా ఎక్కువని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు, రేడియోధార్మికత కొలతలు వారిని సమర్థిస్తున్నాయి. సూర్యుని కంటే భూమి ముసలిది కాజాలదు కదా.

నాలుగు హైడ్రోజన్లు ఒక హీలియంగా మారితే ద్రవ్యరాశిలో సుమారు 120లో ఒక వంతు తగ్గుతుందని ఎడింగ్టన్ చూపారు. నక్షత్రపు ద్రవ్యరాశిలో మొదట కేవలం 5 శాతం హైడ్రోజన్ ఉన్నా, అది క్రమంగా బరువైన మూలకాలుగా మారితే నక్షత్రపు వేడికి సరిపోతుందని వాదించారు. ఆ మాట నిజమో కాదో మనమే చూద్దాం.

సూర్యుని ద్రవ్యరాశి సుమారు 2 × 10³⁰ కిలోగ్రాములు. అందులో 5 శాతం అంటే 10²⁹ కిలోగ్రాములు. దానిలో 0.008 వంతు, అంటే 8 × 10²⁶ కిలోగ్రాములు శక్తిగా మారుతుంది. కాంతి వేగపు వర్గం 9 × 10¹⁶. రెండింటినీ గుణిస్తే 7.2 × 10⁴³ జౌళ్ళు. సూర్యుడు సెకనుకు సుమారు 3.8 × 10²⁶ జౌళ్ళు వెచ్చిస్తున్నాడు. భాగిస్తే 1.9 × 10¹⁷ సెకన్లు, అంటే సుమారు 600 కోట్ల సంవత్సరాలు. తగాదా తీరడానికి ఇది చాలు.

హీలియం పేరులోనే సూర్యుడు ఉన్నాడు. దాని కథలో మన గుంటూరుకు కూడా చోటు ఉంది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించి, సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని చూశారు. ఆ జ్వాలల కాంతిలోని ఒక పసుపు రేఖ అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందనిదని తేలి, దానికి కారణమైన మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది.

ఎడింగ్టన్ 5 శాతం అనే చిన్న అంచనాతో సరిపెట్టుకోవడానికి కారణం ఉంది. సూర్యుడు కూడా భూమిలాగే ఇనుము వంటి మూలకాలతో నిండి ఉన్నాడని ఆనాటి నమ్మకం. మన దేశానికి చెందిన మేఘనాద్ సాహా రూపొందించిన అయనీకరణ సమీకరణాన్ని ఉపయోగించి 1925లో సెసీలియా పేన్ నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజనే అని లెక్కగట్టారు. ఆ ఫలితాన్ని పెద్దలు వెంటనే నమ్మలేదు, తరువాత ఒప్పుకోక తప్పలేదు. ఇంధనానికి కొరత లేదని అలా తేలింది.

లోయ ఆకారపు గీత

ఆస్టన్ అంతటితో ఆగలేదు. పదివేలలో ఒక వంతు కచ్చితత్వం గల రెండవ పరికరాన్ని నిర్మించి, ఐసోటోపులను మళ్ళీ తూచారు. ఇప్పుడు మిగతా మూలకాలు కూడా సరిగ్గా పూర్ణాంకాలు కావని బయటపడింది. తేడాలు చిన్నవే కాని వాటికి ఒక క్రమం ఉంది. ఐసోటోపు ద్రవ్యరాశికీ దాని దగ్గరి పూర్ణాంకానికీ ఉన్న తేడాను ఆ పూర్ణాంకంతో భాగిస్తే వచ్చే విలువకు ఆస్టన్ ప్యాకింగ్ ఫ్రాక్షన్ అని పేరు పెట్టారు. కేంద్రకంలోని ఒక్కొక్క కణం వాటాకు ఎంత తేడా వస్తుందో అది చెబుతుంది.

1927లో ఆయన ఈ విలువలతో ఒక గీత గీశారు. ఎడమ చివర హైడ్రోజన్ చాలా ఎత్తున, పదివేలకు 78 దగ్గర ఉంది. హీలియం ఒక్కసారిగా 5 దగ్గరికి దిగిపోయింది. ఆక్సిజన్ కొలమానమే కాబట్టి సున్నా. ఆ తరువాత గీత సున్నా కంటే కిందికి దిగి, మధ్యస్థ ద్రవ్యరాశి గల మూలకాల దగ్గర అడుగుకు చేరింది. అక్కడి నుంచి కుడివైపు మెల్లగా పైకి లేచి, పాదరసం దగ్గర మళ్ళీ సున్నా దాటింది. చూడటానికి అది ఒక లోయ. ఎడమ గట్టు నిటారుగా, కుడి గట్టు ఏటవాలుగా ఉంటుంది.

మొదట్లో వేసుకున్న సందేహానికి సమాధానం ఈ లోయలోనే ఉంది. రాయి ఏ గట్టు మీద నుంచి దొర్లినా అడుగుకే చేరుతుంది, దొర్లేటప్పుడు శక్తిని వదులుతుంది. ఎడమ గట్టు మీద ఉన్న హైడ్రోజన్ వంటి తేలిక కేంద్రకాలు అడుగు వైపు రావాలంటే పెద్దవి కావాలి, అంటే కలవాలి. కుడి గట్టు మీద ఉన్న యురేనియం వంటి బరువైన కేంద్రకాలు అడుగు వైపు రావాలంటే చిన్నవి కావాలి, అంటే చీలాలి. శక్తిని ఇచ్చేది కలవడమూ కాదు, విడిపోవడమూ కాదు. లోయలో కిందికి దిగడం. హీలియాన్ని చీల్చినా, యురేనియాన్ని మరో కేంద్రకంతో కలిపినా మనమే శక్తిని పెట్టుబడి పెట్టాలి. చీల్చి కలిపే అంతులేని ఆట సాగకపోవడానికి కారణం ఇదే.

నేటి పాఠ్యపుస్తకాలలో ఈ గీత తలకిందులుగా ఉంటుంది. ప్యాకింగ్ ఫ్రాక్షన్‌కు బదులుగా ఒక్కో న్యూక్లియాన్‌కు బంధన శక్తిని గీస్తారు. న్యూక్లియాన్ అంటే ప్రోటాన్ గాని న్యూట్రాన్ గాని. అప్పుడు లోయ కొండగా మారి, ఇనుము, నికెల్ శిఖరం మీదికి వస్తాయి. ఇక్కడే విద్యార్థులు తరచుగా తికమకపడతారు. బంధన శక్తి అనే పేరు వినగానే అది కేంద్రకం లోపల దాచిన శక్తి అనిపిస్తుంది. నిజానికి అది కేంద్రకం ఏర్పడినప్పుడే బయటికి వెళ్ళిపోయిన శక్తి. ఆ కేంద్రకాన్ని మళ్ళీ విడివిడి కణాలుగా చేయాలంటే మనం తిరిగి చెల్లించవలసిన మొత్తం. బంధన శక్తి ఎక్కువగా ఉన్న కేంద్రకం దగ్గర ఇక ఇవ్వడానికి మిగిలింది తక్కువ.

హీలియంతో ఒక లెక్క చేద్దాం. ఆధునిక విలువల ప్రకారం హైడ్రోజన్ పరమాణువు ద్రవ్యరాశి 1.007825 ప్రమాణాలు, న్యూట్రాన్‌ది 1.008665 ప్రమాణాలు. హీలియంలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్నాయి. రెండు హైడ్రోజన్ పరమాణువులు, రెండు న్యూట్రాన్లు కలిపితే 4.032980. హీలియం పరమాణువు ద్రవ్యరాశి 4.002603. లోపం 0.030377 ప్రమాణాలు. రెండు వైపులా రెండేసి ఎలక్ట్రాన్లు ఉన్నాయి కాబట్టి వాటి ద్రవ్యరాశి రద్దవుతుంది. ఒక ద్రవ్యరాశి ప్రమాణం 931.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు (ఇకపై మి.ఎ.వో.) సమానం. కనుక హీలియం బంధన శక్తి 28.3 మి.ఎ.వో., నాలుగుతో భాగిస్తే ఒక్కో న్యూక్లియాన్‌కు సుమారు 7.1 మి.ఎ.వో. బొగ్గు మండినప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువుకు వచ్చేది సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఇక్కడ మాట్లాడుతున్నది మిలియన్లలో అని గుర్తుంచుకోండి.

కొలతకు ఎదురైన పరీక్ష

తగ్గిన ద్రవ్యరాశి నిజంగానే శక్తిగా బయటికి వస్తుందా? 1920లో ఇది నమ్మకం మాత్రమే, ఎవరూ ప్రయోగశాలలో చూడలేదు. ఆ పరీక్ష 1932 ఏప్రిల్‌లో అదే కావెండిష్‌లో జరిగింది. జాన్ కాక్‌క్రాఫ్ట్, ఎర్నెస్ట్ వాల్టన్ లక్షల వోల్టుల పీడనంతో ప్రోటాన్లను వేగవంతం చేసి లిథియం మీద కొట్టారు. లిథియం-7 కేంద్రకం ఒక ప్రోటాన్‌ను మింగి, రెండు హీలియం కేంద్రకాలుగా, అంటే రెండు ఆల్ఫా కణాలుగా చీలిపోయింది. ఆ ఆల్ఫా కణాలు గాలిలో సుమారు 8.4 సెంటీమీటర్లు ప్రయాణించాయి. ఆ దూరాన్ని బట్టి ఒక్కొక్కదాని శక్తి 8.6, రెండింటిదీ కలిపి 17.2 మి.ఎ.వో. అని తేలింది.

తూకం ఏం చెప్పింది? ఆనాటి విలువల ప్రకారం లిథియం కేంద్రకం 7.0104, ప్రోటాన్ 1.0072; మొత్తం 8.0176. రెండు హీలియం కేంద్రకాలు 8.0022. లోపం 0.0154 ప్రమాణాలు, అంటే 14.3 మి.ఎ.వో. కొలిచిన 17.2కూ దీనికీ మూడు మి.ఎ.వో. తేడా ఉంది. సిద్ధాంతం తప్పిందా? లిథియం ద్రవ్యరాశి కొలతలోనే 0.003 వరకు అనిశ్చితి ఉందని వారికి తెలుసు. ఆ ఒక్క కారణంగానే లెక్క 2.7 మి.ఎ.వో. అటూ ఇటూ కావచ్చు. కనుక రెండు విలువలూ పొంతన కుదురుతున్నాయని మాత్రమే వారు రాశారు, సరిపోయాయని రాయలేదు. నాకు ఆ జాగ్రత్త నచ్చుతుంది. నేటి ద్రవ్యరాశులతో మీరే చేసి చూడండి: లిథియం-7 పరమాణువు 7.016003, హైడ్రోజన్ 1.007825, రెండు హీలియంలు 8.005206. లోపం 0.018622, శక్తి 17.3 మి.ఎ.వో. ఆనాడు లోపం ఉన్నది తక్కెడలోనే, సూత్రంలో కాదు.

ఈ ప్రయోగంలో ఇంకొక విషయం గమనించాలి. లిథియం ఇక్కడ చీలింది, కాని అది తేలిక కేంద్రకం. చీలికలో శక్తి వచ్చిందంటే మన లోయ నియమం తప్పినట్లా? కాదు. లిథియం-7లో ఒక్కో న్యూక్లియాన్‌కు బంధన శక్తి సుమారు 5.6 మి.ఎ.వో., హీలియంలో 7.1. తన పక్కనున్న లిథియం కంటే హీలియం అసాధారణంగా లోతైన గుంటలో ఉంది. గీత ఎడమ భాగం నున్నగా ఉండదు. పేరు సంలీనమా, విచ్ఛిత్తా అని చూడటం కంటే, మొదటి ద్రవ్యరాశి ఎంత, చివరి ద్రవ్యరాశి ఎంత అని చూడటమే ఎప్పుడూ నమ్మదగిన మార్గం.

లోయకు ఆ ఆకారం ఎందుకు?

కేంద్రకంలో రెండు బలాలు పోటీ పడతాయి. న్యూక్లియాన్లను పట్టి ఉంచే కేంద్రక బలం చాలా గట్టిది కాని దాని చేయి పొట్టిది. పక్కనున్న వాటినే అందుకోగలదు. ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ అంత గట్టిది కాకపోయినా దూరం వరకు పనిచేస్తుంది, ప్రతి ప్రోటాన్ మిగతా ప్రోటాన్లన్నింటినీ నెడుతుంది.

చిన్న కేంద్రకంలో దాదాపు అన్ని న్యూక్లియాన్లూ ఉపరితలం మీదే ఉంటాయి. ఉపరితలం మీద ఉన్నదానికి ఒక వైపు పొరుగు లేదు, అందుకే దాని పట్టు తక్కువ. కేంద్రకం పెరిగేకొద్దీ లోపల ఉండే న్యూక్లియాన్ల వంతు పెరుగుతుంది, సగటు పట్టు బిగుస్తుంది. ఇది ఎడమ గట్టు దిగుడు. కొంత పరిమాణం దాటాక లోపలి న్యూక్లియాన్‌కు దొరికే పొరుగుల సంఖ్య పెరగదు, కాని నెట్టే ప్రోటాన్ల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. యురేనియంలో 92 ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఇది కుడి గట్టు ఎక్కుడు. రెండూ సమతూకంలో ఉన్న చోట, ఇనుము, నికెల్ పరిసరాల్లో, ఒక్కో న్యూక్లియాన్‌కు బంధన శక్తి 8.8 మి.ఎ.వో. వద్ద గరిష్ఠంగా ఉంది. కేంద్రకాన్ని నీటి బిందువుతో పోల్చే ఈ చిత్రాన్ని గామోవ్ ప్రారంభించారు. 1935లో వైజ్‌సేకర్ దానికి సూత్ర రూపం ఇచ్చారు.

కుంగెల్వ్ మంచులో ఒక లెక్క

ఇక్కడ చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. బరువైన కేంద్రకం చీలితే శక్తి వస్తుందని 1927 గీతలోనే కనిపిస్తోంది. మరి 1938 చివరి వరకు ఎవరూ ఎందుకు చూడలేదు? కేంద్రకం నుంచి ఆల్ఫా కణం వంటి చిన్న చెక్క ఊడటం మాత్రమే అందరికీ పరిచయం. ఆ చిన్న చెక్క బయటికి రావడమే ఎంతో కష్టమని గామోవ్ సిద్ధాంతం చూపించింది. ఇక సగానికి సగం విడిపోవడం ఊహకు అందలేదు. 1934లో ఇడా నోడాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞురాలు, యురేనియం పెద్ద ముక్కలుగా పగిలి ఉండవచ్చు కదా అని రాశారు. ఎవరూ పట్టించుకోలేదు.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తాకిన యురేనియంలో బేరియం కనుగొన్నారు. బేరియం పరమాణు సంఖ్య 56, యురేనియంకు 92. రసాయన పరీక్షలో సందేహం లేదు, కాని భౌతికశాస్త్రం ప్రకారం ఇది అసాధ్యంగా తోచింది. హాన్ ఆ సంగతిని లీజె మైట్నర్‌కు ఉత్తరంలో రాశారు. మూడు దశాబ్దాలు హాన్‌తో కలిసి పనిచేసిన మైట్నర్, యూదు కుటుంబంలో పుట్టినందువల్ల ఆ ఏడాది జూలైలోనే జర్మనీ విడిచి పారిపోవలసి వచ్చింది. అప్పటికి స్వీడన్‌లో ఉన్నారు. క్రిస్మస్ సెలవులకు కుంగెల్వ్ అనే చిన్న ఊరికి వెళ్ళారు. ఆమె అక్క కొడుకు, భౌతికశాస్త్రజ్ఞుడు ఒట్టో ఫ్రిష్ కోపెన్‌హాగన్ నుంచి అక్కడికి వచ్చారు. ఇద్దరూ మంచులో నడుస్తూ ఉత్తరం గురించి చర్చించి, ఒక చెట్టు దుంగ మీద కూర్చొని కాగితం ముక్కలపై లెక్కలు వేశారు.

మొదటి లెక్క వికర్షణది. యురేనియం బిందువు 92 ప్రోటాన్ల ఆవేశంతో ఇప్పటికే వణుకుతున్నది. ఒక న్యూట్రాన్ తాకితే సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగిపోవచ్చు. తెగిన రెండు ముక్కలూ ధనావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకొని సుమారు 200 మి.ఎ.వో. శక్తితో దూసుకుపోతాయి. అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చినట్లు?

రెండవ లెక్క మైట్నర్‌ది. ప్యాకింగ్ ఫ్రాక్షన్ విలువల నుంచి కేంద్రక ద్రవ్యరాశులను లెక్కించే తీరు ఆమెకు కంఠస్థంగా ఉంది. యురేనియం చీలితే ఏర్పడే రెండు కేంద్రకాలు కలిసి, యురేనియం కంటే సుమారు ఒక ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఐదో వంతు తేలికగా ఉండాలని తేల్చారు. ప్రోటాన్ ద్రవ్యరాశి శక్తి రూపంలో 938 మి.ఎ.వో. అందులో ఐదో వంతు అంటే సుమారు 190. వికర్షణ లెక్క 200 చెప్పింది, తూకం లెక్క కూడా దాదాపు అదే చెప్పింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే చోటికి చేరాయి.

దీనినే నేటి విలువలతో చూద్దాం. యురేనియం-235 ఒక న్యూట్రాన్‌ను గ్రహించి బేరియం-141, క్రిప్టాన్-92, మూడు న్యూట్రాన్లుగా చీలిందనుకోండి. మొదటి మొత్తం 235.043930 + 1.008665 = 236.052595. చివరి మొత్తం 140.914411 + 91.926156 + 3.025995 = 235.866562. లోపం 0.186033 ప్రమాణాలు, శక్తి సుమారు 173 మి.ఎ.వో. ఈ బేరియం, క్రిప్టాన్ కేంద్రకాలలో న్యూట్రాన్లు మరీ ఎక్కువ. అవి తరువాత బీటా కిరణాలను వెలువరిస్తూ స్థిరపడతాయి. అప్పుడు వచ్చే శక్తిని కూడా కలిపితే మొత్తం 200 దగ్గరికి చేరుతుంది. గీతను బట్టి చూసినా అంతే: యురేనియంలో ఒక్కో న్యూక్లియాన్‌కు 7.6, మధ్యస్థ కేంద్రకాలలో సుమారు 8.5. తేడా 0.9ని 235తో గుణించండి.

కోపెన్‌హాగన్ తిరిగి వెళ్ళిన ఫ్రిష్ 1939 జనవరిలో అయనీకరణ పేటికలో ఆ ముక్కల బలమైన స్పందనలను ప్రత్యక్షంగా నమోదు చేశారు. జీవకణం రెండుగా విడిపోవడానికి వాడే మాటనే ఈ చర్యకు పెట్టారు. మన విచ్ఛిత్తి ఆ మాటకే తెలుగు.

గీత చెప్పనిది

లోయ ఎటు వాలి ఉందో గీత చెబుతుంది. రాయి ఎప్పుడు దొర్లుతుందో చెప్పదు. గట్టు మీద ఉన్న రాయికి ముందు ఒక చిన్న మిట్ట అడ్డుగా ఉండవచ్చు. అందుకే హైడ్రోజన్‌తో నిండిన సముద్రం పేలిపోదు, యురేనియం ఖనిజం కోట్ల ఏళ్ళుగా భూమిలో పడి ఉంది.

యురేనియం చీలడానికి సుమారు 6 మి.ఎ.వో. మిట్ట దాటాలి. యురేనియం-235 నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్‌ను గ్రహించినా, ఆ గ్రహణంలోనే సుమారు 6.5 మి.ఎ.వో. దొరుకుతుంది, మిట్ట దాటిపోతుంది. యురేనియం-238కి ఆ విధంగా దొరికేది 5 కంటే తక్కువ. అందువల్ల దానికి వేగమైన న్యూట్రాన్ కావాలి. గీత మీద రెండూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నా, రియాక్టర్లో వాటి ప్రవర్తన వేరు కావడానికి కారణం ఇదే. ఈ తేడాను 1939లో బోర్ గుర్తించారు.

సంలీనానికి అడ్డు ప్రోటాన్ల మధ్య వికర్షణ. సూర్యుని కేంద్రంలో ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. దానిని దాటడానికి ఆ వేడి కూడా చాలదని ఎడింగ్టన్ విమర్శకులు అన్నారు, సంప్రదాయ లెక్క ప్రకారం వారి మాట సరైనదే. మిట్టను ఎక్కకుండానే అరుదుగా దాని గుండా దూరిపోవచ్చని 1928లో క్వాంటం సిద్ధాంతం ద్వారా గామోవ్ తదితరులు చూపారు. మరుసటి ఏడాది అట్కిన్సన్, హౌటర్‌మన్స్ దానిని నక్షత్రాలకు అన్వయించారు. హైడ్రోజన్ ఏ మెట్ల మీదుగా హీలియం అవుతుందో 1938–39లో హాన్స్ బెతే వివరించారు. ఆ మెట్లలో మొదటిది ఎంత అరుదుగా జరుగుతుందంటే, సూర్యుడు ఒక్కసారిగా మండిపోకుండా వందల కోట్ల ఏళ్ళు నిలకడగా వెలుగుతున్నది అందుకే.

చివరగా లోయ అడుగున ఉన్నదాని సంగతి చూడండి. ఇనుము-56 కేంద్రకం రెండు సమాన అల్యూమినియం-28 కేంద్రకాలుగా చీలుతుందనుకోండి. ఇనుము-56 ద్రవ్యరాశి 55.93494. అల్యూమినియం-28 ద్రవ్యరాశి 27.98191, రెండింటిది 55.96382. చివరి ద్రవ్యరాశి మొదటిదానికంటే 0.02888 ప్రమాణాలు ఎక్కువ. అంటే ఈ చీలిక జరగాలంటే బయటి నుంచి 26.9 మి.ఎ.వో. మనమే ఇవ్వాలి. భారీ నక్షత్రాల గర్భంలో సంలీనం ఇనుము దగ్గరికి వచ్చాక ఇంధనం అయిపోయినట్లే లెక్క. అక్కడి నుంచి కలిసినా, చీలినా ఖర్చే తప్ప రాబడి లేదు. వేడి అందక గర్భం తన బరువుకు తానే కూలిపోతుంది.